రాయని పరీక్షకు సున్నా ఎవరు వేశారు?

అర్ధ సంవత్సర పరీక్షల ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన మర్నాడు ఒక తండ్రి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో కూతురి కార్డు ఉంది. లెక్కల వరుస మీద వేలు పెట్టి, “సార్, పాప ఆ రోజు పరీక్షే రాయలేదు కదండీ, టైఫాయిడ్‌తో మంచం మీద ఉంది. మరి సున్నా ఎవరు వేశారండీ?” అని అడిగాడు. గొంతులో కోపం లేదు. కానీ కార్డు చూసి రాత్రంతా ఆ పిల్ల ఏడ్చిందని తర్వాత చెప్పాడు.

పదో తరగతి క్లాస్ టీచర్ని నేనే. కార్డులు నా కంప్యూటర్ నుంచే ప్రింటయ్యాయి. లెక్కల మేడం దగ్గరికి వెళ్ళి అడిగితే ఆమె తన షీటు తెరిచి చూపించారు. “నేను ఖాళీగానే వదిలేశాను మాస్టారూ, చూడండి.” నిజమే, ఆ పిల్ల పేరు పక్కన ఏమీ లేదు. ఆమె సున్నా వేయలేదు, నేనూ వేయలేదు. ఆమె షీటు నుంచి మార్కులు తెచ్చి నా షీటులో పెట్టే ఫార్ములా వేసింది.

ఎక్సెల్‌తో పని చేసే ప్రతి గుమాస్తాకూ, టీచరుకూ, అకౌంటెంటుకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ సున్నా ఎదురవుతుంది. చాలామంది దాన్ని కనిపించకుండా చేసి ముందుకు వెళ్ళిపోతారు. నేనూ ముందు అదే చేశాను, దాంతో ఇంకో తప్పు జరిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ సున్నా ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం.

అర్థం కావడానికి తరగతిని ఆరుగురు పిల్లలకు కుదిద్దాం. లెక్కల మేడం షీటు పేరు `Maths`. అందులో A కాలమ్‌లో రోల్ నంబరు, B లో పేరు, C లో మార్కులు ఉన్నాయి. ఒకటో నంబరుకు 78, రెండో నంబరుకు 0, మూడుకు 52, ఐదుకు 35, ఆరుకు 91. నాలుగో నంబరు మన టైఫాయిడ్ పాప, ఆమె గడి ఖాళీ. రెండో నంబరు కుర్రాడు పరీక్షకు వచ్చాడు, కాగితం ఇచ్చాడు, ఒక్క లెక్కా సరిగ్గా రాలేదు. అతనిది నిజమైన సున్నా. ఈ ఇద్దరినీ గుర్తుపెట్టుకోండి, కథంతా వీళ్ళిద్దరి మధ్యే నడుస్తుంది.

నా షీటులో A కాలమ్‌లో రోల్ నంబర్లు ఉన్నాయి, లెక్కల మార్కులు D కాలమ్‌లో రావాలి. D2 గడిలో నేను రాసిన ఫార్ములా ఇది, మిగతా పిల్లలకు దాన్నే కిందికి లాగాను:

```
=VLOOKUP(A2,Maths!$A$2:$C$7,3,FALSE)
```

A2 లో ఉన్న రోల్ నంబరును లెక్కల షీటు మొదటి కాలమ్‌లో వెతుకు, దొరికిన వరుసలో మూడో కాలమ్‌లో ఉన్నది తీసుకురా, అచ్చంగా అదే నంబరు దొరికితేనే తీసుకురా అని దీనికి అర్థం. వీలుకప్ అని అందరం పిలిచే ఈ ఫంక్షన్ 1985లో మాకింటాష్ కోసం వచ్చిన మొట్టమొదటి ఎక్సెల్ నుంచీ ఉంది. నాలుగో నంబరు పాప పేరు జాబితాలో ఉంది కాబట్టి వెతుకులాట సవ్యంగానే ముగిసింది. వరుస దొరికింది, మూడో కాలమ్ దొరికింది, అక్కడ మాత్రం ఏమీ లేదు. నా D5 గడిలో 0 వచ్చి కూర్చుంది.

ఇందులో వీలుకప్ తప్పేమీ లేదు. ఒక కొత్త షీటు తెరిచి, ఏదో ఒక గడిలో `=A1` అని కొట్టి చూడండి. A1 ఖాళీగా ఉన్నా మీ గడిలో 0 కనిపిస్తుంది. వెతుకులాట లేకపోయినా సున్నా వచ్చేస్తుంది. కారణం ఏమిటంటే, ఎక్సెల్‌లో ఫార్ములా ఉన్న గడి ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు అంకె కావచ్చు, అక్షరాలు కావచ్చు, `TRUE` లేదా `FALSE` కావచ్చు, `#N/A` లాంటి ఎర్రర్ కావచ్చు. “ఖాళీ” అనే జవాబు ఆ జాబితాలో లేదు. ఎవరూ ఏమీ రాయని గడి మాత్రమే ఖాళీ గడి. ఫార్ములా ఉన్న గడిలో ఆ ఫార్ములాయే ఉంది కదా, అది ఖాళీ ఎలా అవుతుంది? అందుకే ఫార్ములా చివరికి ఖాళీని పట్టుకుని తేలితే ఎక్సెల్ దాన్ని అంకెగా మార్చేస్తుంది. ఖాళీకి అంకెల్లో సాటి సున్నా.

అయితే ఖాళీ అన్నిచోట్లా సున్నాగానే మారదు. చుట్టూ ఏముందో చూసి వేషం వేస్తుంది. కూడికలో పడితే సున్నా అవుతుంది. అక్షరాల పక్కన అతికిస్తే ఏమీ లేని మాట అవుతుంది, అంటే ఒక్క అక్షరం కూడా లేని పదం. ఎక్సెల్ దాన్ని రెండు కొటేషన్ గుర్తులు పక్కపక్కన పెట్టి `""` అని రాస్తుంది. పోలికలోకి వస్తే రెండు వేషాలూ ఒప్పుకుంటుంది. లెక్కల మేడం షీటులోని ఆ ఖాళీ గడి మీద ఈ రెండు ప్రశ్నలూ అడిగి చూశాను:

```
=Maths!C5=0
=Maths!C5=""
```

రెండింటికీ `TRUE` అనే వచ్చింది. అవే ప్రశ్నలు రెండో నంబరు కుర్రాడి గడి మీద, అంటే C3 మీద అడిగితే, మొదటిదానికి `TRUE`, రెండోదానికి `FALSE`. మనకు కావలసిన తేడా ఇక్కడ ఉంది. “నువ్వు సున్నావా?” అని అడిగితే ఖాళీ గడీ, నిజమైన సున్నా ఉన్న గడీ ఒకే జవాబు చెబుతాయి. “నువ్వు ఏమీ లేని మాటవా?” అని అడిగితే ఖాళీ గడి ఒక్కటే అవునంటుంది. సమస్య ఇక్కడే సగం తీరిపోయింది, కానీ ఆ రోజు నాకు ఈ సంగతి తెలియదు.

ఆ రోజు నేను చేసింది వేరు. ఎర్రర్లు రాకుండా వాడే `IFERROR` ను ఫార్ములా చుట్టూ తొడిగాను. ఏమీ మారలేదు. మారదు కూడా. రోల్ నంబరే దొరకనప్పుడు వచ్చే `#N/A` ను అది పట్టుకుంటుంది. ఇక్కడ నంబరు దొరికింది, ఎర్రర్ లేదు, సున్నా అనేది దర్జాగా వచ్చిన జవాబు. కొత్త ఎక్సెల్‌లో ఉన్న `XLOOKUP` లో “దొరక్కపోతే ఇది చూపించు” అని చెప్పుకునే చోటు ఒకటి ఉంది. అక్కడ `""` రాసినా ఇదే కథ. దొరకకపోవడం ఒకటి, దొరికిన చోట ఏమీ లేకపోవడం మరొకటి.

ఆ తర్వాత సున్నాలు కనిపించకుండా చేశాను. ఎక్సెల్ ఆప్షన్లలో సున్నాలు చూపించవద్దని ఒక టిక్కు తీసేయవచ్చు. లేదంటే నంబర్ ఫార్మాట్‌లో `0;-0;;@` అని రాయవచ్చు. మూడో భాగం సున్నాకు కేటాయించినది, దాన్ని వట్టిగా వదిలేస్తే సున్నా కనిపించదు. పాప గడి శుభ్రంగా ఖాళీ అయింది, నేను తృప్తిపడ్డాను. తర్వాత చూస్తే రెండో నంబరు కుర్రాడి కార్డులో కూడా లెక్కల దగ్గర ఏమీ లేదు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడు పరీక్షకే రానివాడిలా కనిపిస్తున్నాడు. ఆ మొదటి తప్పును దిద్దబోయి నేను చేసిన రెండో తప్పు ఇది.

అంతకంటే పెద్ద చిక్కు కంటికి కనిపించదు. దాచిన సున్నా గడిలోనే ఉంటుంది, లెక్కల్లోకి వస్తూనే ఉంటుంది. మన ఆరుగురి సగటు చూడండి. పరీక్ష రాసిన ఐదుగురి మొత్తం 256, ఐదుతో భాగిస్తే 51.2. లెక్కల మేడం తన షీటు మీద `AVERAGE` వేసుకుంటే ఆమెకు ఇదే వస్తుంది, ఎందుకంటే ఆ ఫంక్షన్ ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు. నా షీటులో అదే `AVERAGE` ఆరుగురినీ లెక్కవేసి 256ను ఆరుతో భాగిస్తుంది, 42.67 వస్తుంది. పిల్లలు అవే, మార్కులు అవే, సగటులో ఎనిమిదిన్నర మార్కుల తేడా. మీ షీటులో ఈ జబ్బు ఉందో లేదో పట్టుకోవడానికి నాకు తెలిసిన తేలిక దారి ఇదే. మూలం షీటులో కాలమ్ సగటు, మీరు తెచ్చుకున్న కాలమ్ సగటు పక్కపక్కన పెట్టండి. రెండూ కలవకపోతే ఎక్కడో ఖాళీ ఒకటి సున్నా అయి కూర్చుంది.

తేదీల కాలమ్‌లో అయితే ఇది తనంతట తానే బయటపడుతుంది. ఆఫీసులో ఉద్యోగుల జాబితా నుంచి రిటైరైన తేదీ తెచ్చుకుంటుంటే, ఇంకా పనిలో ఉన్నవాళ్ళ పక్కన 00-01-1900 అని కనిపిస్తుంది. ఎక్సెల్ తేదీలను అంకెలుగా దాచుకుంటుంది, 1900 జనవరి 1 దానికి ఒకటో రోజు. సున్నాను తేదీలా చూపించమంటే జనవరి సున్నా అని చూపిస్తుంది. కేలండర్లో లేని తేదీ కాబట్టి ఎవరికైనా అనుమానం వస్తుంది. మార్కుల్లో, జీతాల్లో, స్టాకులో వచ్చే సున్నా మామూలు సున్నాలాగే ఉంటుంది, అనుమానం రాదు.

ఇక సరైన ఫార్ములా. పైన అడిగిన రెండో ప్రశ్ననే ఇక్కడ వాడుకుంటాం:

```
=IF(VLOOKUP(A2,Maths!$A$2:$C$7,3,FALSE)="","",
    VLOOKUP(A2,Maths!$A$2:$C$7,3,FALSE))
```

తెచ్చినది ఏమీ లేని మాటతో సమానమైతే ఏమీ లేని మాటనే చూపించు, కాకపోతే తెచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చూపించు. పాప గడి ఖాళీగా కనిపిస్తుంది, కుర్రాడి సున్నా సున్నాగానే నిలుస్తుంది, 78 అంకెగానే ఉంటుంది. ఒకే వెతుకులాట రెండుసార్లు రాయడం చూడ్డానికి బాగుండదు. ఎక్సెల్ 2021 గానీ మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉన్నవాళ్ళు వెతికిన ఫలితానికి ఒక పేరు పెట్టుకుని ఒక్కసారితో సరిపెట్టవచ్చు:

```
=LET(m,VLOOKUP(A2,Maths!$A$2:$C$7,3,FALSE),
     IF(m="","",m))
```

కొందరు `=""` బదులు `=0` అని రాస్తారు. అలా రాస్తే ఖాళీతో పాటు నిజమైన సున్నా కూడా మాయమవుతుంది, మళ్ళీ కుర్రాడికే అన్యాయం. మరికొందరు ఇంకా పొట్టి దారి పడతారు, ఫార్ములా చివర `&""` తగిలిస్తారు. ఖాళీని అక్షరాల పక్కన అతికిస్తే ఏమీ లేని మాట అవుతుందని చెప్పుకున్నాం కదా, ఇది ఆ కిటుకే. ఫోన్ నంబర్లు, చిరునామాలు, పేర్లు తెచ్చుకునేటప్పుడు దీనికి మించినది లేదు. మార్కులకు మాత్రం పనికిరాదు. అతికించగానే 78 కూడా అంకె కాకుండా పోయి 7, 8 అనే రెండు అక్షరాల మాట అవుతుంది. గడిలో చూడ్డానికి 78 లాగే ఉంటుంది, కాకపోతే ఎడమ వైపుకు జరిగి ఉంటుంది. ఆ కాలమ్ మీద `SUM` వేస్తే సున్నా వస్తుంది. కాలమ్ మొత్తం అన్యాయంగా సున్నా కనిపిస్తే ముందు అనుమానించవలసింది ఈ `&""` నే.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పాప కథ ఇంకా ఉంది. ఫార్ములా దిద్దాక D5 లో ఏమీ కనిపించలేదు, సగటు 51.2 వచ్చింది. పక్క కాలమ్‌లో పాస్, ఫెయిల్ చెప్పే ఫార్ములా ఒకటి ఉంది. పదో తరగతిలో వందకు 35 వస్తే పాస్ కాబట్టి అది ఇలా ఉంది:

```
=IF(D5>=35,"Pass","Fail")
```

సున్నా ఉన్నప్పుడు ఇది పాపను ఫెయిల్ అంది. ఇప్పుడు `Pass` అంటోంది. పరీక్ష రాయని పిల్ల పాసైపోయింది. నేను మూడుసార్లు చూసుకున్నాను, కార్డులు మళ్ళీ ప్రింటు తీయబోతూ చివరి నిమిషంలో ఆగాను. కారణం ఎక్సెల్ పాటించే వరుస క్రమం. పోలికల్లో దానికి ఏ అంకె కంటేనైనా ఏ మాటైనా పెద్దదే. మన గడిలో ఉన్నది ఖాళీ కాదు, ఏమీ లేని మాట. దానిలో అక్షరాలు లేకపోయినా అది మాటే, కాబట్టి 35 కంటే పెద్దది. ఈ ఒక్క విషయం తెలియక `""` వాడడం సున్నాను వదిలేయడం కంటే ప్రమాదమని నా అభిప్రాయం. సున్నా వచ్చినప్పుడు పిల్ల తండ్రి వచ్చి అడుగుతాడు. పాస్ అని వస్తే అడగడానికి ఎవరూ రారు.

కాబట్టి పోల్చే ముందు అక్కడున్నది అంకేనా అని అడగాలి:

```
=IF(ISNUMBER(D5),IF(D5>=35,"Pass","Fail"),"-")
```

కూడికల్లో కూడా ఇదే జాగ్రత్త కావాలి. మూడు సబ్జెక్టుల మార్కులు `=D5+E5+F5` అని కూడితే, ఏమీ లేని మాటను అంకెతో కూడలేక `#VALUE!` అంటుంది. `=SUM(D5:F5)` అని రాస్తే మాటలను వదిలేసి అంకెలను మాత్రమే కూడుతుంది. గ్రాఫు గీస్తే మాత్రం ఏమీ లేని మాటను మళ్ళీ సున్నాగానే గీస్తుంది, గీత నేలకు పడి లేస్తుంది. గ్రాఫు కోసమే తెచ్చుకునే కాలమ్‌లో `""` బదులు `NA()` పెడితే గీత కింద పడదు. అక్కడ `#N/A` కనిపించడం లోపం కాదు, కావాలని పెట్టినదే.

ఇంత చేసినా ఒక్కోసారి గడి ఖాళీలా కనిపిస్తూ ఖాళీ కాకుండా ఉంటుంది. ఎవరో ఒకరు మార్కు చెరపడానికి డిలీట్ నొక్కే బదులు స్పేస్ బార్ నొక్కుతారు. అప్పుడు గడిలో ఒక ఖాళీ అక్షరం ఉంటుంది, `=""` పరీక్షకు అది దొరకదు. అనుమానం వస్తే పక్కన `=LEN(Maths!C5)` అని కొట్టి చూడండి. 0 వస్తే సరే, 1 వస్తే అక్కడ స్పేస్ దాగి ఉంది.

గూగుల్ షీట్స్‌లో పని చేసేవాళ్ళు ఇదంతా చదివి తమకు ఎప్పుడూ ఇలా కాలేదే అనుకుంటారు. నిజమే, అక్కడ వీలుకప్ ఖాళీ గడిని తెస్తే ఖాళీగానే చూపిస్తుంది. చిక్కంతా ఆ ఫైలును దింపుకుని ఎక్సెల్‌లో తెరిచి మళ్ళీ లెక్క వేయించినప్పుడు. ఇంట్లో ఫోన్‌లో చూసిన షీటులో లేని సున్నాలు స్కూల్ కంప్యూటర్లో పుట్టుకొస్తాయి. అందుకే కార్డులు ఎక్కడ ప్రింటు తీస్తారో అక్కడే ఒకసారి సరిచూసుకోవాలి.

ఫార్ములా ఎంత దిద్దినా ఒక ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. మేడం షీటులో ఖాళీ గడికి అర్థం ఏమిటి? పిల్ల రాలేదనా, కాగితం ఇంకా దిద్దలేదనా, దిద్దినా ఎక్కించడం మరిచిపోయారనా? ఖాళీ కనిపిస్తే గైర్హాజరు అని ఫార్ములాతో వేయించడం చాలా తేలిక, `""` ఉన్నచోట `"AB"` అని రాస్తే చాలు. నేను అలా చేయను. దిద్దకుండా మిగిలిన కాగితం కూడా అప్పుడు గైర్హాజరు అయిపోతుంది, వచ్చిన పిల్లను రాలేదంటాం. అందుకే మా దగ్గర ఇప్పుడు మార్కులు ఎక్కించేవాళ్ళే రాని పిల్లల గడిలో `AB` అని కొడుతున్నారు. వీలుకప్ దాన్ని ఉన్నదున్నట్టు తెస్తుంది. `AVERAGE`, `SUM` దాన్ని వదిలేస్తాయి. పాస్, ఫెయిల్ ఫార్ములాలో `ISNUMBER` ఉంది కాబట్టి అక్కడా మోసం జరగదు. కార్డులు ప్రింటు తీసే ముందు నేను ప్రతి సబ్జెక్టు షీటు మీద ఈ ఒక్క లెక్క వేస్తాను:

```
=COUNTBLANK(Maths!C2:C7)
```

0 వస్తే అందరి గడులూ నిండాయి, ప్రింటు తీయవచ్చు. ఒకటి వచ్చినా ఆ మేడం దగ్గరికో, మాస్టారి దగ్గరికో వెళ్ళి అడిగి వస్తాను. ఇలా చేసిన మొదటి పరీక్షలోనే సైన్సులో రెండు ఖాళీలు తేలాయి. ఆ ఇద్దరు పిల్లలూ పరీక్ష రాశారు, వాళ్ళ కాగితాలు వేరే కట్టలో కలిసిపోయి ఉన్నాయి.

టైఫాయిడ్ పాపకు లెక్కల దగ్గర AB అని ఉన్న కొత్త కార్డు తీసి వాళ్ళ నాన్నకు ఇచ్చాను, పాత కార్డు నేనే వెనక్కి తీసుకున్నాను. పిల్లల మార్కులు ఎక్కించే టీచర్లందరికీ నా విన్నపం ఒక్కటే. పరీక్ష రాయని పిల్ల గడిని ఖాళీగా వదలకండి, AB అని రెండు అక్షరాలు కొట్టండి.